26ఏఎస్, పే స్లిప్పులు, బ్యాంకు సర్టిఫికెట్: మూడూ మూడు లెక్కలు చెప్తున్నాయి

కాకినాడ_కుర్రాడు (జూన్ 18, 2025)
2024-25కి రిటర్న్ వేద్దామని కూర్చున్నాను. పే స్లిప్పుల్లో నెలకు 5,200 చొప్పున 62,400 టీడీఎస్ కట్ అయింది. నా పాన్ మీద జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో 46,800 మాత్రమే ఉంది. బ్యాంకు వడ్డీ ఇంకో గోల. సర్టిఫికెట్‌లో ఎఫ్‌డీ వడ్డీ 48,300. 26ఏఎస్‌లో వడ్డీ 51,000, టీడీఎస్ 5,100. ఏ అంకె వేయాలి?

లక్ష్మీ_నరసరావుపేట
26ఏఎస్‌లో ఏముంటే అది వేసెయ్యి బాబూ. డిపార్ట్‌మెంట్ చూసేది అదే. నేను ఎప్పుడూ అలాగే వేస్తాను, ఒక్క నోటీసూ రాలేదు.

చిట్టాపద్దు
అమ్మా, ఆ మాట విని అతను 15,600 వదిలేసుకోవాలా?
తమ్ముడూ, 46,800 అంటే సరిగ్గా తొమ్మిది నెలలు. కంపెనీ పేరు పక్కనున్న + నొక్కితే వరుసలు తెరుచుకుంటాయి. చివరి తేదీ డిసెంబర్‌దేనా? అయితే జనవరి-మార్చి త్రైమాసికం టీడీఎస్ రిటర్న్ మీ కంపెనీవాళ్లు వేయలేదు. దానికి గడువు మే 31తోనే అయిపోయింది. ఆ వరుసలు ఉండి కూడా పక్కన U అని ఉంటే, రిటర్న్ వేశారు గానీ దానికి చలాన్ సరిపోలలేదని. F ఉంటేనే నిశ్చింత.

పంతులుగారు_వరంగల్
మా ఆఫీసులో ఒకసారి నా పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు. నా పన్నంతా ఎవరి ఖాతాకో పోయింది. వాళ్లు కరెక్షన్ స్టేట్‌మెంట్ వేసేదాకా గుమ్మం అరిగేలా తిరిగాను. మన చేతిలో ఏమీ ఉండదు.

కాకినాడ_కుర్రాడు
చివరి వరుస డిసెంబర్‌దే. ఫారం 16 ఇచ్చారు గానీ అందులో పార్ట్ బీ ఒక్కటే ఉంది.

చిట్టాపద్దు
పార్ట్ ఏ డిపార్ట్‌మెంట్ టీడీఎస్ సైట్ ట్రేసెస్ నుంచి దిగుతుంది. కంపెనీ టీడీఎస్ రిటర్న్ వేయకపోతే అది పూర్తిగా రాదు, అందుకే ఇవ్వలేదు. మెయిల్‌లో రాతపూర్వకంగా అడుగు. స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ దాచిపెట్టు. కట్ చేసిన పన్ను వాళ్లు కట్టకపోతే నీ దగ్గర మళ్లీ వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెప్తుంది. కానీ 62,400 క్లెయిమ్ చేస్తే కంప్యూటర్ ముందు డిమాండ్ పంపిస్తుంది, దానికి సమాధానం ఇచ్చుకోవాలి. కాబట్టి వెంటనే వేయకు. రిటర్న్ గడువు ఈసారి సెప్టెంబర్ 15కి పెంచారు కదా.

రిటైర్డ్_అకౌంటెంట్
అందరూ జీతం మీదే పడ్డారు. వడ్డీ సంగతి నేను చెప్తా. లెడ్జర్లు రాస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. బ్యాంకు చేతికివ్వని వడ్డీని కూడా ఏటా లెక్కగట్టి టీడీఎస్ కోస్తుంది. మీరు చేతికొచ్చినప్పుడే చూపించుకోవచ్చు.

సూర్యాపేట_సుబ్బు
అయ్యా, అలా చేసి మా బావమరిది ఇరుక్కున్నాడు. ఐదేళ్ల ఎఫ్‌డీ వడ్డీ మొత్తం ఒకే ఏడాది మీద పడి శ్లాబు మారిపోయింది.

రిటైర్డ్_అకౌంటెంట్
అది ఆయన తెలివితక్కువతనం. పద్ధతి తప్పు కాదు. టీడీఎస్‌ని ముందుకు తీసుకెళ్లే గడి రిటర్న్‌లోనే ఉంది.

సూర్యాపేట_సుబ్బు
తెలివితక్కువతనం అంటారా? ఆ గడి ఏటా గుర్తుపెట్టుకుని నింపేవాళ్లు ఎంతమంది? ఉద్యోగస్తుడికి ఏ ఏటిది ఆ ఏడు చూపించడమే సుఖం.

రిటైర్డ్_అకౌంటెంట్
సుఖం వేరు, చట్టం వేరు.

చిట్టాపద్దు
మీ ఇద్దరి వాదనా ఇతనికి పనికిరాదు. తమ్ముడూ, ఏదైనా ఎఫ్‌డీ మధ్యలో తీసేశావా?

కాకినాడ_కుర్రాడు
అవును. మేలో వేసిన నాలుగు లక్షలు జనవరిలో తీశాను. ఇంటి పనికి కావాల్సి వచ్చింది.

చిట్టాపద్దు
దొరికింది. డిసెంబర్ దాకా పాత రేటుతో వడ్డీ రాసి, దాని మీద టీడీఎస్ కోశారు. మూసేటప్పుడు ఒక శాతం తగ్గించి ఉంటారు. నాలుగు లక్షల మీద ఎనిమిది నెలలకు సుమారు 2,700. నీ తేడా కూడా అంతే. మూసినప్పుడు ఇచ్చిన కాగితంలో రేటు చూసుకో. అదే అయితే ఆదాయంగా 48,300 చూపించి, టీడీఎస్ మాత్రం 5,100 మొత్తం క్లెయిమ్ చేయి. ఆదాయపన్ను సైట్‌లో నీ ఆదాయాల చిట్టా చూపించే ఏఐఎస్‌లో ఆ వరుస మీద Information is not fully correct అని ఫీడ్‌బ్యాక్ పెట్టు. ఆ కాగితం పారేయకు.

లక్ష్మీ_నరసరావుపేట
సేవింగ్స్ ఖాతా వడ్డీ మర్చిపోయారు. దాని మీద టీడీఎస్ ఉండదు గానీ ఆదాయంలో కలపాలి. ఎవరూ చెప్పరేం?

కాకినాడ_కుర్రాడు
కాగితంలో 7.1 బదులు 6.1 అని ఉంది. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. "ఫైనాన్స్ టీమ్ చూస్తోంది" అని జవాబు.

పంతులుగారు_వరంగల్
మాకూ అదే చెప్పారు.

సూర్యాపేట_సుబ్బు
మా అమ్మగారికి టీడీఎస్ కోయొద్దని బ్యాంకుకి 15హెచ్ ఫారం ఇచ్చినా కోశారు. రెండు బ్రాంచీల్లో వేరు వేరుగా ఇవ్వాలా? ఎవరికైనా తెలుసా?