అప్‌డేట్: జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ మాత్ర మానేసి స్ప్రేకి మారి ఆరు నెలలు

అప్పుడు నేను అడిగింది: "1 మి.గ్రా. మాత్ర వేసుకుంటే సెక్స్ కోరిక తగ్గింది, తలకి రాసుకునే ఫినాస్టెరైడ్ జుట్టుకి మాత్రలాగే పని చేస్తుందా?"

నా వరకు చేసింది. మాత్ర ఆపాక కొన్ని వారాల్లో కోరిక మామూలైంది, ఆ తర్వాతే డాక్టర్ 0.25 శాతం స్ప్రే రాశారు. ఒకే లైటు కింద తీసిన ఫోటోల్లో నడినెత్తిన చర్మం ఇప్పుడు తక్కువగా కనిపిస్తోంది, నుదుటి మూలలు మాత్రం అలాగే ఉన్నాయి.

స్ప్రే అంటే మందు ఒంట్లోకి అసలు వెళ్లదని నేను అనుకున్నాను, అది తప్పు. 24 వారాల ట్రయల్‌లో జుట్టు పెరుగుదల రెండింటికీ దాదాపు సమానమే, కానీ జుట్టు రాలడానికి కారణమయ్యే డీహెచ్‌టీ హార్మోన్ రక్తంలో మాత్రతో సుమారు 55 శాతం, స్ప్రేతో 35 శాతం తగ్గింది. అంటే సైడ్ ఎఫెక్ట్ అవకాశం తగ్గుతుందేమో గానీ పోదు, చెప్పిన మోతాదు కంటే ఎక్కువ కొడితే ఆ తేడా కూడా మిగలదు (మొదటి వారం ఆత్రంలో నేను చేసింది అదే).

మాత్ర పడుతున్నవాళ్లకి మారాల్సిన అవసరం నాకు కనిపించలేదు, పడనివాళ్లు డాక్టర్‌ని అడగొచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం చాలా జాగ్రత్త, మగ శిశువుకి హాని జరగొచ్చు కాబట్టి తడి తలని, దిండు గలీబుని ఆమె ముట్టుకోకూడదు. నేను పూర్తిగా ఆరాకే పడుకుంటున్నాను, రాసిన వెంటనే చేతులు సబ్బుతో కడుక్కుంటున్నాను.