అప్‌డేట్: క్లెయిమ్ ఆలస్యం మీద క్లయింటుకు పంపిన మెయిల్

నేనడిగింది: "బట్టల షాపు అగ్నిప్రమాదం క్లెయిమ్ తేలట్లేదు. బ్రోకర్‌గా క్లయింటుకి సారీ చెబుతూ ఏం రాయాలి?"

మీరన్నట్టే "ప్రాసెస్‌లో ఉంది" అనే మాట తీసేసి, ఫైలు ఎక్కడ ఆగిందో రాశాను:

"ఆలస్యానికి క్షమించండి సార్. సర్వేయర్ రిపోర్టు ఇంకా కంపెనీకి చేరలేదు. కాలిపోయిన సరుకు విలువ తేల్చడానికి ఆయన కొనుగోలు బిల్లులు అడుగుతున్నారు. అవీ కాలిపోయి ఉంటే జీఎస్టీ రిటర్నులు, సప్లయర్ల దగ్గరున్న బిల్లు కాపీలు పంపండి, వాటితో లెక్క కట్టమని అడుగుతాను. శుక్రవారం సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను."

డబ్బు పడే తేదీ మాత్రం రాయలేదు, అది మన చేతిలో లేదు కదా. సాయంత్రానికే క్లయింటు ఫోన్: "బిల్లులన్నీ బూడిదయ్యాయి, ఆడిటర్ దగ్గర రిటర్నులున్నాయయ్యా!" అవి సర్వేయర్‌కి పంపి, అందినట్టు రిప్లై తీసుకున్నాను. ఇక కంపెనీ సాగదీస్తే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి పైన 2 శాతం వడ్డీ అడుగుతాం.