ఠండాయి నున్నగా రావడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

పోయినేడు కాశీ వెళ్లినప్పుడు గోదౌలియా దగ్గర తాగిన ఠండాయి (భంగు లేనిదే లెండి!) రుచి నోట్లోంచి పోలేదు. ఈ హోలీకి ఇంట్లో చేద్దామని రెండుసార్లు ప్రయత్నించాను.

లీటరు పాలకు 30 బాదం, రెండేసి చెంచాల పుచ్చగింజల పప్పు, గసగసాలు, సోంపు, 15 మిరియాలు, ఆరు యాలకులు తీసుకున్నాను. యాలకులు తప్ప అన్నీ ఒకే గిన్నెలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున బాదం పొట్టు తీసి, అన్నీ కలిపి మిక్సీలో వేశాను. బ్లేడు తిరగడం లేదని గ్లాసుడు నీళ్లు పోశాను. బహుశా అక్కడే చెడింది. పప్పులు నలిగాయి గానీ గసగసాలు నీళ్లలో తేలుతూ అలాగే ఉండిపోయాయి. కాచి చల్లార్చిన పాలు కలిపి టీ వడకట్టుతో వడకడితే గ్లాసు అడుగున ఇసుకలా పలుకులు.

రెండోసారి పల్చని నూలు గుడ్డలో పిండాను. నున్నగా వచ్చింది, కానీ ఉత్త బాదం పాలలా ఉంది, మిరియాల ఘాటే లేదు. గుడ్డలో మిగిలిన పిప్పి మాత్రం ఘుమఘుమలాడుతోంది!

గసగసాలు విడిగా నానబెట్టి, చిన్న జార్‌లో రెండు చెంచాల నీళ్లతోనే ముందు రుబ్బుకోవాలా? కొబ్బరిపాలు తీసినట్టు పిప్పిలో మళ్లీ కాసిని పాలు పోసి రుబ్బి, రెండోసారి పిండొచ్చా? లేక మిరియాలు, సోంపు పొడి కొట్టి చివర్లో కలుపుతారా? ఉత్తరాదిలో ఉన్నవాళ్లు, చేసి చూసినవాళ్లు కాస్త చెప్పరూ.