అప్‌డేట్: పెసరట్టుకి బోర్డు మీద ఏం రాశానంటే

నా పాత ప్రశ్న: "వైజాగ్‌లో రోడ్డు పక్క మా టిఫిన్ సెంటర్ బోర్డు మీద 'అద్భుతమైన స్పెషల్ పెసరట్టు' అని ఉంది. ఎవరూ పట్టించుకోవట్లేదు. గొప్పలు పోకుండా నోరూరేలా ఎలా రాయాలి?"

మీరు చెప్పినట్టే 'అద్భుతం', 'స్పెషల్' రెండూ చెరిపేశాను. పొద్దున మా ఆవిడ పిండి రుబ్బుతుంటే పక్కనే నిలబడి, చూసింది చూసినట్టు రాశాను: "పొట్టు పెసలు రాత్రి నానబోసి, తెల్లారి అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బిన పిండి. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, జీలకర్ర. కరకరలాడే అట్టు, అల్లం పచ్చడితో."

మూడో రోజే తప్పు బయటపడింది. పార్సిల్ పట్టుకెళ్లిన ఒకాయన మర్నాడొచ్చి, "కరకర అన్నారు, ఇంటికెళ్లేసరికి మెత్తబడిపోయింది కదండీ" అన్నారు. నిజమే. వేడి అట్టు పొట్లం కడితే ఆవిరి లోపలే ఉండిపోయి అట్టు చెమ్మగిల్లుతుంది. ఆ మాట పార్సిల్‌కి చెల్లదు. ఇప్పుడు "పెనం మీంచి తీయగానే తింటే అంచులు కరకరలాడతాయి" అని మార్చాను. పార్సిల్ అడిగినవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను.

ఒకరు 'నేతి పెసరట్టు' అని రాయమన్నారు. మేం కాల్చేది నూనెతో, అందుకే రాయలేదు. "అడిగితే నెయ్యి వేస్తాం, ధర వేరే" అని కింద చిన్నగా పెట్టాను.

ఇప్పుడు జనం బోర్డు ఆగి చదువుతున్నారు. "ఉల్లిపాయ లేకుండా వేస్తారా?" అని అడుగుతున్నారు. ఇడ్లీకి ఇంకా ఏం రాయలేదు, రేపు పిండి కలిపేటప్పుడు చూస్తాను.