అప్‌డేట్: జిలేబీలోని పసుపు రంగు ఏదో తేలింది

నా ప్రశ్న: “హైదరాబాద్‌లో కొన్న జిలేబీ నుంచి తీసిన రంగుకు స్పెక్ట్రోఫోటోమీటర్‌లో టార్ట్రజిన్‌కూ సన్‌సెట్ యెల్లోకూ సరిపోలని వెడల్పాటి శిఖరం వస్తోంది. ఇది మెటానిల్ యెల్లోనా?”

సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. అది ఆహారంలో వాడకూడని మెటానిల్ యెల్లో కాదు. అనుమతి ఉన్న టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో రంగుల మిశ్రమం.

పెట్రోలియం ఈథర్‌తో కొవ్వు తీసేసి, పలుచని ఎసిటిక్ ఆమ్లంలో తెల్ల ఉన్ని దారానికి రంగు పట్టించి, దారాన్ని కడిగి, పలుచని అమ్మోనియాలో రంగును విడిపించడం వరకు నా పద్ధతి మారలేదు. ఆ ద్రావణాన్ని నేరుగా యంత్రంలో పెట్టకుండా ముందు కాగితంపై విడదీయమన్న సలహాయే పనిచేసింది. 2.5 శాతం ఉప్పు నీటిలో, ప్రామాణిక రంగుల పక్కనే నడిపితే నిమ్మపసుపు మచ్చ ముందుకు సాగింది, నారింజ మచ్చ వెనకబడింది. మచ్చలను కత్తిరించి వేర్వేరుగా నీటిలో కరిగించి చూస్తే మొదటిది టార్ట్రజిన్‌లా 427 నానోమీటర్ల దగ్గర, రెండోది సన్‌సెట్ యెల్లోలా 482 దగ్గర శిఖరం చూపాయి. మిశ్రమంలో ఇవి ఒకదానిపై ఒకటి పడి మధ్యలో ఒకే గుట్టలా కనిపించాయి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే మెటానిల్ యెల్లో ఊదా కలిసిన గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇక్కడ అలా జరగలేదు. శిఖరం సరిపోలకపోవడానికి ఉన్ని నాణ్యత కారణమేమోనని కూడా సందేహించాను, కానీ దానికీ సమస్యకూ సంబంధమే లేదు.

అయితే ఆహారంలో ఈ రంగులకున్న 100 పీపీఎం పరిమితి దాటిందో లేదో దీనితో చెప్పలేను, ఎందుకంటే ఉన్నికి రంగంతా ఎక్కదు, ఎక్కినదంతా దిగదు.