టిల్ డేట్ అని ఉన్న ఎక్స్‌పీరియన్స్ లెటర్ సరిపోదా?

జడ్చర్ల కెమిస్ట్: పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో నాలుగేళ్లు చేశాను. 60 రోజుల నోటీసులో 30 రోజులే చేసి వచ్చేశాను. ఎక్స్‌పీరియన్స్ లెటర్ నా దగ్గర ఉంది. షాద్‌నగర్ దగ్గరి కొత్త కంపెనీ మాత్రం రిలీవింగ్ లెటరే కావాలంటోంది. రెండూ ఒకటే కదా? వీళ్లకు ఎందుకింత పట్టు?

నల్లగొండ అన్న: చట్టంలో రిలీవింగ్ లెటర్ అన్న మాటే లేదు తమ్ముడూ. సర్వీస్ సర్టిఫికెట్ ఒక్కటే మన హక్కు. అది చూపించాక కూడా ఆపితే లేబర్ ఆఫీసుకు పో. కొత్త కంపెనీ దిగి వస్తుంది.

పాలమూరు హెచ్ఆర్ (పదకొండేళ్ల నుంచి ఇదే పని): తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు. ఆ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎప్పుడు తీసుకున్నావు?

జడ్చర్ల కెమిస్ట్: పోయిన ఏడాది బ్యాంకు లోను కోసం సార్. 'జూన్ 2021 నుంచి టిల్ డేట్ మా దగ్గర పని చేస్తున్నారు' అని ఉంది.

పాలమూరు హెచ్ఆర్: చిక్కంతా ఆ 'టిల్ డేట్' దగ్గరే ఉంది. ఆ కాగితం చదివితే నువ్వు ఇంకా అక్కడే ఉన్నావనే అర్థం. ఏం పని, ఎన్నేళ్లు చేశావో ఎక్స్‌పీరియన్స్ లెటర్ చెబుతుంది. రాజీనామాను ఒప్పుకున్నారా, ఏ రోజుతో వదిలేశారు అన్నది రిలీవింగ్ లెటర్ చెబుతుంది. నీ పనితనం మీద కొత్త హెచ్ఆర్‌కు అనుమానం ఉండి కాదు, పాత చోట నీ పేరు మస్టర్‌లో ఇంకా ఉందేమోనని భయం. ఒక మనిషి ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో పని చేయకూడదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ చెప్పేది. పైగా పీఎఫ్‌లో పాత చోట డేట్ ఆఫ్ ఎగ్జిట్ పడకపోతే, రెండు కంపెనీల సర్వీసు ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపిస్తుంది. వెరిఫికేషన్ వాళ్లు మొదట పట్టుకునేది అదే.

నల్లగొండ అన్న మాటలో సగం నిజం ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1946 చట్టం కింద వచ్చిన మాదిరి స్టాండింగ్ ఆర్డర్లలో సర్వీస్ సర్టిఫికెట్ అనే ఉండేది. కానీ అది పాత కంపెనీ ఇవ్వాల్సిన కాగితం గురించి. కొత్త కంపెనీ చేర్చుకునే ముందు ఏం అడగాలన్నది వాళ్ల ఇష్టం. అది ఆఫర్ లెటర్‌లో రాసే ఉంటుంది, ఒకసారి చూడు.

మిర్యాలగూడ టీచరమ్మ: మా స్కూల్లో కూడా ఇదే గోల. నాకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద డీఈఓ సంతకం కావాలి, కరస్పాండెంట్ తిప్పుతూనే ఉన్నారు. బాబూ, నీది ఎవరు సంతకం పెట్టాలి?

పాలమూరు హెచ్ఆర్: మీది వేరే సంగతి మేడమ్. ఇక్కడ డీఈఓ లాంటి వాళ్లు ఎవరూ లేరు, కంపెనీ హెచ్ఆర్ సంతకమే.

తమ్ముడూ, పాత కంపెనీ వాళ్లు రిలీవింగ్ లెటర్ ఆపింది మిగతా 30 రోజుల కోసమేనా?

జడ్చర్ల కెమిస్ట్: అవును సార్. నెల గ్రాస్ 27,000 కట్టమంటున్నారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో మాత్రం 'బేసిక్' అని ఉంది. నా బేసిక్ 13,500.

పాలమూరు హెచ్ఆర్: అయితే కట్టాల్సింది 13,500. ఎర్న్‌డ్ లీవు ఎన్ని రోజులు మిగిలింది? పది అనుకుంటే, మీ కంపెనీ బేసిక్‌ను 30తో భాగించి ఇచ్చేట్టయితే, రోజుకు 450 చొప్పున 4,500 నీకే వస్తుంది. మిగిలేది 9,000. నోటితో మాట్లాడకు. ఆ క్లాజు ఫొటో పెట్టి మెయిల్ చెయ్యి, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క కాగితం మీద అడుగు. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టు.

ఈలోగా కొత్త కంపెనీకి రాజీనామాను ఒప్పుకున్న మెయిల్ పంపి, రిలీవింగ్ లెటర్ ఇవ్వడానికి గడువు అడుగు. చాలామంది ఒప్పుకుంటారు. పీఎఫ్ ఎగ్జిట్ పాత కంపెనీ వాళ్లు వేయకపోతే, చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత నువ్వే పోర్టల్‌లో Manage కింద Mark Exit దగ్గర వేసుకోవచ్చు. అది ఉద్యోగం వదిలిన తేదీని చూపిస్తుంది కానీ బాకీ తీరిందని చెప్పదు.

నల్లగొండ అన్న: సరే, నేను తొందరపడి లేబర్ ఆఫీసు అన్నాను. కానీ 9,000 కోసం ఒక పిల్లగాడి కొత్త ఉద్యోగాన్ని ఆపడం న్యాయమేనా? బాకీ ఉంటే వేరేగా వసూలు చేసుకోవాలి. కాగితం ఎందుకు పట్టుకోవాలి?

పాలమూరు హెచ్ఆర్: ఆ మాట మీద నాకూ బాధ ఉంది. ఈ సీట్లో కూర్చుని నేనే రెండుసార్లు లెటర్ ఆపాను, పై నుంచి చెప్పారని. ఒక అబ్బాయి ఆఫర్ పోగొట్టుకున్నాడు. అయినా నోటీసు లేకుండా వెళ్తే ఆ షిఫ్ట్ ఎవరు చెయ్యాలి? మీరన్నదే సరైనదని మాత్రం ఇంకా అనలేకపోతున్నాను.

జడ్చర్ల కెమిస్ట్: నా లీవు 14 రోజులు ఉంది సార్. ఇప్పుడే మెయిల్ రాస్తున్నాను. టెన్షన్‌గానే ఉంది, కొత్త వాళ్లు సోమవారం వరకే టైమ్ ఇచ్చారు.