జనం వికారమంటున్న ముతక కాంక్రీటు భవనాలను కాపాడాలా, కూల్చాలా?

చరణ్ (వరంగల్): ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్‌ని కూల్చడం గురించి చదివాను. నిపుణులు అయ్యో అన్నారు, మామూలు జనంలో చాలామంది పోతే పోయింది అన్నారు. పూత కూడా లేని కాంక్రీటు కట్టడాలను జనానికి నచ్చకపోయినా కాపాడాలా? ఎవరు, దేన్ని చూసి నిర్ణయించాలి?

లెక్కల మాస్టారు: నా ఓటు కూల్చడానికే. తాజ్ మహల్ ఎందుకు కాపాడాలో పల్లెటూరి ముసలమ్మకు కూడా చెప్పక్కర్లేదు. బూడిదరంగు గోడ, దాని మీద వాన చారలు, నాచు. అది ఎందుకు గొప్పదో అర్థం కావాలంటే ఒక ఉపన్యాసం వినాలి. పన్ను కట్టేది జనం, అందులో తిరిగేది జనం, వాళ్ల మాటకు విలువ ఉండాలి కదా. పైగా కాంక్రీటు ఆయుష్షు యాభై అరవై ఏళ్లే. ఎలాగూ కూలిపోయేదాని మీద కోట్లు పోయడం ఎందుకు?

పాత ఇంజనీరు: చరణ్, హాల్ ఆఫ్ నేషన్స్ పేరెత్తావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో జరిగిన ఆసియా వాణిజ్య ప్రదర్శన కోసం కట్టారు. ఆర్కిటెక్టు రాజ్ రేవల్, స్ట్రక్చరల్ ఇంజనీరు మహేంద్ర రాజ్. లోపల ఒక్క స్తంభం లేకుండా అంత పెద్ద హాలు కావాలంటే ఇతర దేశాల్లో ఉక్కు గొట్టాలను ముడివేసి త్రిభుజాల అల్లిక కట్టేవారు. అప్పట్లో మన దగ్గర ఉక్కుకు కరువు, దొరికినా ఖరీదు ఎక్కువ. కూలీలు మాత్రం ఉన్నారు, సెంటరింగ్ పని తెలిసిన చేతులున్నాయి. అందుకే ఆ అల్లికనంతా అక్కడికక్కడే కాంక్రీటుతో పోశారు. ఒక్కో ముడి దగ్గర ఎన్నో ఏటవాలు దూలాలు కలుస్తాయి. వాటన్నిటి ఊచలూ ఒక్కచోట ఇరుక్కుంటాయి. ఆ సందుల్లోకి కాంక్రీటు దిగేలా చేయడం ఎంత కష్టమో స్లాబు పోసిన మేస్త్రీ ఎవరినడిగినా చెబుతాడు. ఆ అల్లికే ఎండకు జాలీలా అడ్డంగా ఉండేది కూడా. మన దేశపు పేదరికాన్నీ, చేతిపనినీ లెక్కలోకి తీసుకుని పుట్టిన ఆకారం అది, ఎక్కడి నుంచో తెచ్చుకున్న ఫ్యాషన్ కాదు.

ఇక దాన్ని ఎలా పోగొట్టుకున్నామో చూడు. ఢిల్లీలో వారసత్వ కట్టడాలను చూసే కమిటీ, అరవై ఏళ్లు దాటిన భవనాలనే పరిశీలిస్తామంది. ఇది నలభై అయిదేళ్లది. కోర్టుకు వెళ్లారు. 2017 ఏప్రిల్‌లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. కొన్ని రోజులకే, ఒక ఆదివారం రాత్రి, యంత్రాలు దింపి నేలమట్టం చేశారు. ఇప్పుడు ఆ ప్రాంగణంలో భారత్ మండపం ఉంది. కట్టడం మంచిదా కాదా అన్నది ఎవరూ తేల్చలేదు. వయసు చాలదు అన్నారు, అంతే. ఇంగ్లండులో మామూలుగా 30 ఏళ్లు నిండితే చాలు, పరిశీలిస్తారు. మరీ గొప్పదై, కూల్చే ప్రమాదం ఉంటే అంతకన్నా కొత్తదాన్ని కూడా చూస్తారు. కాంక్రీటు కట్టడానికి గండం వచ్చేది సరిగ్గా ముప్ఫై యాభై ఏళ్ల మధ్యే. అప్పటికి మరమ్మతులు మొదలవుతాయి, ఫ్యాషన్ పాతబడుతుంది, స్థలం ధర పెరుగుతుంది. అరవై నిండేదాకా తలుపు తెరవమంటే ఈ తరం భవనాల్లో చాలావరకు ఆ తలుపు దాకా చేరవు.

నిజాం గల్లీ: పాత భవనాలు కాపాడాల్సిందే, ఇందులో చర్చేముంది? మా హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామంటే 2019లో హైకోర్టు కాదంది. అలాగే అన్నీ కాపాడాలి. డంగు సున్నంతో కట్టిన గోడలు, ఆ కమానులు ఇప్పుడెవరు కట్టగలరు?

చరణ్ (వరంగల్): అన్నా, నేనడిగింది ప్యాలెస్‌ల గురించి కాదు. ఎర్రమంజిల్ అందరికీ నచ్చుతుంది. ఎవరికీ నచ్చని కాంక్రీటు సంగతేంటి అని.

బీచ్‌రోడ్ సుజాత: నేను ఆర్కిటెక్టుని కాను, విశాఖలో ఫ్లాటు ఓనర్‌ని. బాల్కనీ స్లాబు అడుగున పెచ్చులు ఊడి ఊచలు బయటపడ్డాయి. తుప్పు గీకించి, రసాయనం పూయించి, కొత్త మసాలాతో పూడ్పించాం. రెండు వానాకాలాలు తిరగకుండానే ఆ అతుకు పక్కనే మళ్లీ ఊడింది. పూత, రంగు ఉన్న ఇంటికే ఈ గతి అయితే, ఒట్టి కాంక్రీటు భవనాన్ని వందేళ్లు నిలబెడతామనడం నాకు నమ్మశక్యంగా లేదు. కింద పిల్లలు ఆడుకుంటారు. నెత్తిన పెచ్చు పడితే వారసత్వం అని ఊరుకుంటామా?

పాత ఇంజనీరు: సుజాత గారూ, మీ భయం న్యాయమైనది. మాస్టారి 'యాభై అరవై ఏళ్లు' మాటకు కూడా ఇందులోనే జవాబుంది. డిజైన్‌లో యాభై ఏళ్లు అని రాసుకునేది ఒక లెక్క కోసం. మందు సీసా మీద గడువు తేదీ లాంటిది కాదది. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఊచలను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు పైనుంచి నెమ్మదిగా లోపలికి దిగుతూ ఆ గుణాన్ని చంపేస్తుంది. అది ఊచ దాకా చేరి, తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పైనున్న కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చు ఊడటం అంటే ఇదే.

ఎంత లోతు దిగిందో చూడటం కష్టం కాదు. చిన్న ముక్క పగలగొట్టి, ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాలి. బాగున్న చోట గులాబీ రంగు వస్తుంది, గుణం పోయిన చోట రంగు రాదు. ఉదాహరణకు 36 ఏళ్ల భవనంలో 15 మిల్లీమీటర్లు దిగిందనుకోండి. ఈ లోతు ఏళ్ల వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 36కు వర్గమూలం 6, కాబట్టి 15ని 6తో భాగిస్తే 2.5. ఊచ మీదున్న కాంక్రీటు మందాన్ని కవరు అంటాం. అది 25 మిల్లీమీటర్లు ఉంటే, 25ని 2.5తో భాగిస్తే 10, అంటే అక్కడికి చేరాలంటే వర్గమూలం 10 కావాలి, అంటే వందేళ్లు. ఇంకా అరవై నాలుగేళ్లు చేతిలో ఉన్నట్టు. అదే భవనంలో, ఊచను ఆ లోతులో నిలిపే కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టక ఊచ 12 మిల్లీమీటర్ల లోతులోనే ఉన్నచోట ఇప్పటికే పెచ్చులూడుతుంటాయి. ఒకే గోడలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. అందుకే భవనం మొత్తానికి ఒకే ఆయుష్షు చెప్పడం తప్పు. కవరు కొలిచే మీటరు పెట్టి, ఎక్కడెక్కడ పలుచగా ఉందో గీసుకోవాలి.

మీ ఫ్లాటు సంగతి వేరు కావచ్చు. సముద్రం పక్కన కాబట్టి ఉప్పు కాంక్రీటులోకి దిగి ఉంటుందని నా అనుమానం. ఉప్పున్నచోట ఫినాఫ్తలీన్ చక్కగా గులాబీ రంగు చూపిస్తూనే ఉంటుంది, లోపల ఊచ తుప్పు పడుతూనే ఉంటుంది. ఒకచోట కొత్త మసాలా పెడితే ఆ ఊచ సర్దుకుంటుంది కానీ, అతుకు అంచు పక్కనున్న పాత కాంక్రీటులో తుప్పు ఇంకా జోరందుకుంటుంది. మీకు జరిగింది అదే అయివుండొచ్చు. డ్రిల్లుతో వేర్వేరు లోతుల్లో పొడి తీయించి, ల్యాబులో క్లోరైడు ఎంతుందో చూపించండి. అప్పటిదాకా ఆ బాల్కనీ కింద ఎవరినీ ఉండనివ్వకండి.

లెక్కల మాస్టారు: లెక్క బాగానే చెప్పారు, ఒప్పుకుంటాను. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. నిలబెట్టగలగడం వేరు, నిలబెట్టాలా అన్నది వేరు. పైగా మీరు ఒక ఖర్చు దాటేశారు. ప్లాస్టరింగ్ చేసిన గోడలో అతుకు వేస్తే పైన రంగు కొడతాం, కనపడదు. పూత లేని కాంక్రీటుకు ఆ ముసుగు లేదు కదా.

పాత ఇంజనీరు: నిజమే మాస్టారూ, ఇక్కడ మీరు గట్టి చోటే పట్టుకున్నారు. ఈ భవనాల మరమ్మతులో అన్నిటికన్నా ఖరీదైన పని అదే. పాత సిమెంటు రంగు, ఇసుక రంగు, సెంటరింగ్ చెక్కల గీతలు, అన్నీ కుదరాలి. వెనకవైపు ఎవరికీ కనపడని చోట నమూనాలు వేసి, ఆరాక, ఒక వాన తడిసాక చూసి ఎంచుకోవాలి. ఇంత ఓపిక టెండరు పద్ధతిలో దొరకదు. అందుకే చాలాచోట్ల మొత్తానికి ఒక పెయింటు కొట్టేస్తారు. వాయువును ఆపే పూతలు నిజంగానే ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ చాలావాటితో రూపు మారుతుంది. కాబట్టి అన్నిటినీ కాపాడాలని నేననను. ఒకే నమూనాలో ముప్ఫై బ్లాకులు కట్టిన క్వార్టర్లుంటే ఒకటో రెండో ఉంచి, మిగతావి అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. హాల్ ఆఫ్ నేషన్స్‌లా ఒక్కటే ఉన్నదాని విషయంలో మాత్రం కూల్చాక చింతిస్తే లాభం లేదు.

నచ్చడం గురించి కూడా ఒక మాట. లండన్‌లో ట్రెల్లిక్ టవర్ 1972లో పూర్తయింది. చాలాకాలం దాని పేరు చెబితేనే జనం భయపడేవారు. 1998లో రక్షిత కట్టడమైంది, ఇప్పుడు అక్కడ ఫ్లాటు కోసం పోటీ. బర్మింగ్‌హామ్‌లో 1974 నాటి సెంట్రల్ లైబ్రరీకి అంత గడువు దొరకలేదు, 2016లో కూల్చారు. ఇష్టం ఒక తరంలో మారిపోతుంది. అందుకే దాన్ని ఒక్కదాన్నే కొలమానం చేయడానికి నాకు ధైర్యం చాలదు.

ఢిల్లీలో మనవాడు: ప్రగతి మైదాన్‌లో నవంబరు వాణిజ్య మేళాకు ఏటా వెళ్లేవాణ్ణి. ఆ హాలు బయటి నుంచి చూస్తే నాకెప్పుడూ వికారంగా అనిపించలేదు. చుట్టూ పెట్టిన ఫ్లెక్సీలు, ప్లైవుడ్ స్టాళ్లు, కిటికీలకు వేలాడే ఏసీ డబ్బాలే కంటికి ఇబ్బందిగా ఉండేవి. చాలా ప్రభుత్వ ఆఫీసుల గతి ఇదే. వాననీటి గొట్టం పగిలితే ఏళ్ల తరబడి బాగుచేయరు. గోడ నల్లబడుతుంది, తిట్టు కాంక్రీటుకు పడుతుంది. జనానికి నచ్చలేదని అనేముందు ఆ గొట్టం బాగుచేసి, గోడ కడిగించి, అప్పుడు అడగాలి.

బీచ్‌రోడ్ సుజాత: ల్యాబు సంగతి మా అసోసియేషన్‌లో పెడతాను, ధన్యవాదాలు. కానీ ఆఫీసులో పనిచేసేవాళ్లకు, క్వార్టర్లలో కాపురం ఉండేవాళ్లకు మాట ఉండాలన్నది నా పట్టుదల. దూరం నుంచి ఫొటోలు తీసుకునేవాళ్లు నిర్ణయించి, కారే పైకప్పు కింద మేముండటం కుదరదు. చండీగఢ్‌లో కార్బూజియే కట్టిన హైకోర్టు, సెక్రటేరియట్, అసెంబ్లీ 2016లో యునెస్కో జాబితాలో చేరాయి, మంచిదే. కానీ అక్కడ రోజూ కక్షిదారులు, గుమాస్తాలు తిరుగుతారు. వాళ్లకు నీడ కావాలన్నా, చోటు కావాలన్నా ఎవర్ని అడగాలి?

పాత ఇంజనీరు: అది నిజంగా తేలని విషయం. బయటి రూపు, ప్రధానమైన హాళ్లు ముట్టుకోకుండా, లోపలి గోడలు, గొట్టాలు, వైరింగు, ఏసీ స్వేచ్ఛగా మార్చుకోనివ్వాలన్నది నా పక్షం. నా మిత్రుల్లో కొందరు దీనికి కూడా ఒప్పుకోరు. లోపల అల్మరా కదిపినా భవనం చచ్చిపోతుందంటారు. వాళ్లతో నాకు వాదన సాగుతూనే ఉంది.

లెక్కల మాస్టారు: లోపల మార్చుకోనిస్తే నా వ్యతిరేకత సగం తగ్గుతుంది. మిగతా సగం డబ్బు గురించి. రక్షిత కట్టడం అని బోర్డు పెట్టి, మరమ్మతుకు పైసా కేటాయించకపోతే అది కూల్చడం కన్నా అన్యాయం. బోర్డుతో పాటే ఏటా ఇంత అని పద్దు రాయించగలిగితే చెప్పండి, ఓటు మార్చుకుంటాను.

చరణ్ (వరంగల్): మాస్టారూ, నాదీ అదే అనుమానం. పాత ఇంజనీరు గారూ, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసు చార్లెస్ కొరియా డిజైన్ అని విన్నాను, 1960ల నాటిది. దాన్ని ఎవరైనా ఇలా కవరు కొలిచి, పటం గీశారా? లేకపోతే మా కాలేజీ సివిల్ విద్యార్థులం అనుమతి అడిగి మొదలుపెట్టవచ్చా? మీటరు మా ల్యాబులో ఉంది.

పాత ఇంజనీరు: కవరు కొలవడానికి గోడ పగలగొట్టక్కర్లేదు కాబట్టి అనుమతి దొరకొచ్చు. ముందు కొరియా డ్రాయింగులు సంపాదించు. వానకు తడిసే ముఖాలు, తడవని ముఖాలు వేరుగా రాయి, లెక్కలు రెండింటికీ ఒకేలా రావు. ఫినాఫ్తలీన్ దాకా వచ్చినప్పుడు రాసి అడుగు, ముక్క ఎక్కడ తీయాలో చెబుతాను.